మన కార్తిక పున్నమికి 40 ఏళ్లు

నిన్న సాయంత్రం బీరువా పై అరలోంచి ఆ చిన్న రేకుడబ్బా దింపి, అందులోని సీసపు అచ్చక్షరాల లైనును కిరసనాయిలులో తడిపిన గుడ్డతో తుడుస్తుంటే, ఇల్లంతా మన ప్రెస్సు వాసన నిండిపోయింది. కోడలు వంటింట్లోంచి వచ్చి, "ఏమిటి మామయ్యగారూ ఈ వాసన?" అని అడిగింది. డబ్బా చూపించాను. "ఓహో, ఎల్లుండి పున్నమి కదూ, బాబాయిగారికి కార్డు పంపాలి కదూ" అని ఆమే అనేసి లోపలికి వెళ్లిపోయింది. మన సంగతి ఈ ఇంట్లో అందరికీ అంతగా తెలుసు.

ప్రతి ఏడూ ఆ లైనుకు సిరా అద్ది, పోస్టు కార్డు నెత్తిన ముద్ర వేసి, కింద క్షేమసమాచారం నాలుగు ముక్కలు రాసి నీకు పంపుతున్నాను. 15 పైసల కార్డుతో మొదలుపెట్టాను, ఇప్పుడది 50 పైసలు. ఈసారి మాత్రం నాలుగు ముక్కలతో సరిపెట్టుకోవడానికి మనసు ఒప్పలేదు. మన స్నేహానికి 40 ఏళ్లు నిండుతున్నాయి. అది ఎలా మొదలైందో, ఎలా పెరిగిందో నాకు గుర్తున్నంత మేరకు ఒకసారి రాసి నీ ముందు పెట్టాలనిపించింది. నలుగురూ చదివినా నీకు అభ్యంతరం ఉండదని తెలుసు. తప్పులుంటే దిద్దు, ఎలాగూ దిద్దుతావు.

*

భాషాప్రవీణ పూర్తి చేసి, పండితుడి ఉద్యోగం వచ్చేలోపు ఊరికే కూర్చోలేక, తెనాలిలో కాలవకు దగ్గరగా ఉన్న ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి విజయదశమి నాడు చేరాను. ఆ రోజు పని లేదు. ట్రెడిల్ మెషినుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అక్షరాల కేసులన్నిటి మీదా బంతిపూలు చల్లి ఉంచారు. పూజ అయ్యాక కొబ్బరి ముక్కలు పంచుతున్నది నువ్వే. నా చేతిలో ముక్క పెట్టి, "పంతులుగారూ, రేపటినుంచి మా మీద దయ ఉంచండి" అన్నావు. ఆ మాటలోని భయం నాకు అప్పుడు అర్థం కాలేదు. మర్యాదకు అన్నావనుకున్నాను.

మరునాడు నువ్వు కంపోజు చేసిన మొదటి ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. తడి కాగితం మీద తీసిన ప్రూఫు ఇంకా ఆరలేదు. అందులో అడుగడుగునా అక్షరం ఉండవలసిన చోట రెండు నల్లటి చిన్న గీతలు పడి ఉన్నాయి. ఒక్కో గీతల జత చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి, పక్కన మార్జినులో నిండుసున్న రాసి, లెక్కపెడితే ఒక్క పేజీలో 17 తేలాయి. ఇంత అశ్రద్ధ ఏమిటని ఆ కాగితం పట్టుకుని నేరుగా నీ దగ్గరికి వచ్చాను.

నువ్వు కోప్పడలేదు. నన్ను కేసు ముందు నిలబెట్టి, ఖాళీగా ఉన్న ఒక గడి చూపించావు. నిండుసున్నలు ఉండవలసిన గడి అది. ఇంగ్లీషుకు రెండు కేసులు చాలునని, మన తెలుగుకు నాలుగు కేసులు పరచి పెట్టుకోవాలని, గుణింతాలూ వత్తులూ కలిపి వందల గళ్లలో ఏ గడి ఎప్పుడు అడుగంటుతుందో ఎవరూ చెప్పలేరని వివరించావు. అక్షరం అయిపోయినప్పుడు పని ఆపడానికి వీల్లేదు. అదే మందం ఉన్న మరొక అక్షరాన్ని తలకిందులుగా, దాని కాలు పైకి వచ్చేటట్టు నిలబెట్టి ఆ చోటు కాపాడతారు. పాత పేజీలు అచ్చయి, వాటి అక్షరాలు విప్పి కేసుల్లోకి వచ్చాక, బోర్లా నిలబెట్టిన ప్రతి ముక్కనూ తీసి అసలు అక్షరం పెడతారు. ఆ నల్లటి గీతలు తప్పులు కావు, బాకీలు. "అవి మాకు తెలుసు పంతులుగారూ, మాకు తెలియనివి వెతకండి" అన్నావు.

ఆ సాయంత్రం ఆ 17 సున్నలనూ ఒకటొకటిగా కొట్టేసి, తిరిగి మొదటినుంచి చదివాను. అప్పుడు దొరికింది అసలు తప్పు: మూడు చోట్ల "కథ" అని ఉండవలసింది "కధ" అని ఉంది. పొట్టలో చుక్క ఉంటే థ, లేకపోతే ధ. సీసపు ముక్క మీద ఆ చుక్క ఆవగింజలో పావు వంతు కూడా ఉండదు. పైగా అచ్చుముక్క మీద అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. దాన్ని తలకిందులుగా పట్టుకుని ఎడమనుంచి కుడికి చదువుకుంటూ పోవాలి. నువ్వు ఆ మూడు ముక్కలనూ బయటికి తీసి వెలుతురులోకి పట్టుకుని చూసి, "ఇవి ధ గడిలోకి వెళ్లవలసినవి, సర్దేటప్పుడు థ గడిలో పడ్డాయి. ఇంకా ఎన్ని ఉన్నాయో" అని, ఆ రాత్రి ఆ గడిలోని ముక్కలన్నిటినీ బల్ల మీద పోసి ఏరావు. తప్పు ఒక పేజీలో దిద్దితే చాలదని, అది పుట్టిన గడి దాకా వెళ్లాలని నేను నీ దగ్గర మొదటిసారి చూశాను. తరువాత బడిలో పిల్లల నోటు పుస్తకాలు దిద్దినన్నాళ్లూ, ఒకే తప్పు మూడుసార్లు కనిపిస్తే నాకు ఆ గడి గుర్తుకొచ్చేది.

*

ప్రూఫురీడరుకూ కంపోజిటరుకూ సహజంగా పడదన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. కంపోజు చేసిన ఫారానికి ఇంత అని మీకు కూలి. దిద్దుబాట్లకు పైసా రాదు. నా కలం ఒక్క క్షణంలో పెట్టే గుర్తు, నీకు అరగంట పని. ఆ లెక్క నాకు కళ్లకు కట్టినట్టు చూపించిన రోజు ఒకటుంది.

ఊళ్లో ఒక పెద్దాయన రాసిన వ్యాసాల పుస్తకం వేస్తున్నాం. ఒక పేరా రెండో లైనులో "అయినా" అన్న మాట రాతప్రతిలో ఉండి, కంపోజు చేసిన మేటరులో లేకుండా పోయింది. నేను మామూలుగా గుర్తు పెట్టి ఇచ్చాను. నువ్వు నన్ను పిలిచి, కంపోజు చేసిన లైన్లు పేర్చే గ్యాలీ పళ్లెం మీద ఆ లైను చూపించి, "ఇందులోకి ఆ మాట ఎలా దూర్చమంటారో చెప్పండి" అన్నావు. ఎత్తిపొడుపుగా అనలేదు, నిజంగానే నేర్పడానికి అన్నావు.

ఆ లైను వెడల్పు 18 ఎమ్ములు. సీసం సాగదు. లైను నిండా అక్షరాలూ స్పేసులూ వేలితో నెట్టినా కదలనంత బిగువుగా ఉంటేనే పేజీ నిలుస్తుంది. కాబట్టి కొత్త మాట రావాలంటే అంత చోటు మరెక్కడో ఖాళీ కావాలి. మాటల మధ్య వేసిన మందపు స్పేసులు తీసి సన్నవి వేస్తే ఎంత వస్తుందో నువ్వు లెక్క కట్టించావు. అంగుళంలో 72వ వంతు ఒక పాయింటు. మనది 12 పాయింట్ల అక్షరం, అంతే ఒక ఎమ్ము. మందపు స్పేసు అందులో మూడో వంతు, అంటే 4 పాయింట్లు. సన్నది ఐదో వంతు, 2 పాయింట్ల మీద కొంచెం. తెలుగు మాటలు పొడుగువి కావడంతో ఒక లైనులో మాటల మధ్య ఖాళీలు నాలుగుకు మించవు. నాలుగు చోట్లా మార్చినా మిగిలేది 6 పాయింట్ల పైచిలుకు. అది ఒక వత్తుకో దీర్ఘానికో సరిపోతుంది గాని మూడక్షరాల మాటకు చాలదు. అంటే ఆ లైను చివరి మాటను మూడో లైనులోకి తొయ్యాలి, మూడో లైనులోంచి ఒక మాట నాలుగో లైనులోకి వెళ్లాలి, అలా పేరా ముగిసేదాకా ప్రతి లైనూ, చేత్తో పట్టుకుని అక్షరాలు పేర్చే స్టిక్కులోకి తిరిగి ఎక్కించి మళ్లీ బిగించాలి. ఆ పేరాలో ఇంకా 11 లైన్లు ఉన్నాయి.

నేను మాట్లాడలేకపోయాను. అప్పుడు నువ్వే వేలు పెట్టి, "ఇక్కడ 'గ్రామము యొక్క పొలిమేర' అని ఉంది. ఆ 'యొక్క' తీసేస్తే అర్థం చెడుతుందా?" అని అడిగావు. చెడదు. "గ్రామపు పొలిమేర" అంటే ఇంకా నిండుగా ఉంటుంది. "యొక్క" పోయిన చోట్లో "అయినా" కొంచెం స్పేసుల సర్దుబాటుతో ఇమిడిపోయింది. 11 లైన్లూ కదలలేదు. మరునాడు ఆ పెద్దాయన వచ్చినప్పుడు విషయం చెప్పి అనుమతి అడిగితే, ఆయన పేజీ చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివి, "ఇంకెక్కడైనా 'యొక్క' ఉంటే తీసేయండి నాయనా" అన్నారు.

ఆనాటినుంచి నా దిద్దుబాటు తీరు మారిపోయింది. ఒక మాట చేర్చవలసివస్తే అదే లైనులో ఏది తగ్గించవచ్చో చూసి, రెండు గుర్తులూ పక్కపక్కన పెట్టడం అలవాటు చేసుకున్నాను. రచయిత మాటలు మార్చే హక్కు నాకు లేదు కాబట్టి, తీసేయదగ్గ మాట కింద పెన్సిలుతో గీత గీసి, ఆయన ఒప్పుకున్నాకే సిరా పెట్టేవాణ్ణి. సాయంత్రాలు నీ పక్కన నిలబడి స్టిక్కు పట్టడం నేర్చుకున్నాను. గాడి పైకి ఉండాలి, బొటనవేలు చివరి అక్షరాన్ని ఆనుకుని ఉండాలి, కళ్లు కేసు మీద కాక రాతప్రతి మీద ఉండాలి. నువ్వు గంటలో పెట్టే లైన్లలో నాలుగో వంతు కూడా నా వల్ల కాలేదు. కాని ఎక్కడ ఎందుకు తప్పు పడుతుందో చేతికి తెలిసింది. నీ చెయ్యి గళ్ల మీద తిరుగుతుంటే వినిపించే ఆ చప్పుడు, స్టిక్కులో సీసం మీద సీసం తగిలే ఆ చిన్న టిక్కు టిక్కు, లోపల్నుంచి ట్రెడిల్ తొక్కుడు, ఆ రెండింటి వరసా కలిసినప్పుడు నువ్వు కూనిరాగం తీసేవాడివి. "పంతులుగారూ" పోయి "ఏరా" ఎప్పుడు వచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు.

*

మన స్నేహం దసరా నాటి కొబ్బరి ముక్కతో మొదలైందని నువ్వంటావు. కార్తిక పున్నమి ముందు రాత్రి మొదలైందని నేనంటాను. కార్డు పంపేది నేను కాబట్టి నా మాటే చెల్లుతూ వస్తోంది.

పున్నమి నాడు పొద్దున ఒక గుడిలో పంచిపెట్టవలసిన చిన్న స్తోత్రాల పుస్తకం, చివరి ఫారం మిగిలింది. నాలుగు పేజీలనూ ఛేసు అనే ఇనుప చట్రంలో అమర్చి, చుట్టూ కర్ర ముక్కలు పేర్చి, కోయిన్లనే చీలలు బిగించావు. బిగించాక ఒక మూల కింద చిన్న చెక్క ముక్క ఆనించి, పేజీల మీద వేళ్లతో నొక్కి చూశావు. లైను వదులుగా ఉంటే ఆ నొక్కుడుకు అక్షరం కిందికి జారుతుంది. ఏదీ కదలలేదు. బిగింపు సరిగ్గానే ఉంది. ఈ సంగతి నేను కళ్లారా చూశాను, అందుకే ఇన్నేళ్లయినా చెబుతున్నాను.

సాయం చేసే కుర్రాడు ఆ రాత్రి రాలేదు. ఛేసు ఒక అంచు నువ్వు పట్టుకున్నావు, మరో అంచు నేను పట్టుకున్నాను. దాన్ని నిలువుగా ఎత్తి పట్టుకోవాలని నాకు తెలుసు. కాని గడప దాటేటప్పుడు నా చెయ్యి జారి, నా వైపు మూల గచ్చుకు తగిలింది. ఆ దెబ్బకు ఒక కోయిను ఊడి, నా వైపున్న రెండు పేజీలు ముందు మెల్లగా ఉబ్బి, తరువాత ఒక్కసారిగా జలజలమని కింద పడిపోయాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. పేజీకి 30 లైన్లు, లైనుకు 22, 23 ముక్కలు. రెండు పేజీలకు దాదాపు 1,400 ముక్కలు గచ్చు మీద, మెషిను కింద, గడప సందుల్లో.

నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. రెండు లాంతర్లు వెలిగించి తెచ్చి, ఒకటి నా పక్కన పెట్టి, "వత్తులు నువ్వు ఏరు, గుణింతాలు నేను ఏరుతాను" అన్నావు. దొరికిన ప్రతి ముక్కనూ ముందు వేలితో తడిమి, మొహం దెబ్బ తిన్నదా లేదా చూసి, దెబ్బ తిన్నవి ఒక డబ్బాలో, మంచివి గడిలో వేశాం. ఊరికే ఏరడం కాదు, మళ్లీ ఆ రెండు పేజీలూ మొదటినుంచి కంపోజు చెయ్యాలి. నువ్వు స్టిక్కులో లైను పూర్తి చేసి గ్యాలీ మీద పెట్టగానే, నేను ప్రూఫు తియ్యకుండా సీసం మీదే తిరగేసి చదివాను. అంత రాత్రివేళ స్తోత్రం పైకి చదువుతుంటే, నా గొంతు వినే నువ్వు తరువాతి పాదం పెడుతున్నావు. రాతప్రతి వైపు చూడవలసిన అవసరమే లేకపోయింది.

తెల్లవారుజామున ట్రెడిల్ ఆగేసరికి బయట ఆడవాళ్ల మాటలు వినిపించాయి. చేతులు కడుక్కోవడానికి కాలవ దగ్గరికి వెళ్లాం. గట్టు పొడుగునా ముత్తయిదువలు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్లలోకి వదులుతున్నారు. మన చేతులకు మోచేతుల దాకా సిరా, కిరసనాయిలు. పక్కన స్నానాలు చేసేవాళ్లకు మైల తగులుతుందేమోనని దిగువ మెట్టు దాకా పోయి, ఇసుకతో రుద్ది కడుక్కున్నాం. ఒక దీపం మన మెట్టుకు తగిలి ఆగిపోయింది. నువ్వు నీటిని మెల్లగా చేత్తో తోసి దాన్ని మళ్లీ ప్రవాహంలోకి పంపావు. ఆ వేళ్ల సందుల్లో నలుపు ఇంకా అలాగే ఉంది.

పుస్తకాలు వేళకు అందాయి. కాని దెబ్బ తిన్న అక్షరాలు డబ్బాలో ఉన్నాయి కదా, యజమాని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నువ్వు, "బిగింపు సరిగా వెయ్యలేదండి" అని చెప్పేశావు. ఆ వారం కూలిలో కోత పడింది. నేను మూడు రోజులు భయంతో చెప్పలేకపోయాను. ఉద్యోగం పోతుందని కాదు, నువ్వు నిలబెట్టిన మాట తలకిందులవుతుందని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నాలుగో రోజు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. కోత నా జీతానికి మారింది. ఆ సాయంత్రం నువ్వు నాతో మాట్లాడలేదు. మరునాడు పొద్దున నా బల్ల మీద నీ టిఫిన్ క్యారియరులోంచి తీసిన పులిహోర పొట్లం ఉంది. మన 40 ఏళ్లలో నువ్వు నాతో మాట్లాడని సాయంత్రం అదొక్కటే.

*

సంక్రాంతికి మీ ఊరు తీసుకెళ్లావు. రేపల్లె బండిలో జంపని, వేమూరు, పెనుమర్రు దాటుతూ, కోతలైన చేలలో మొలకెత్తిన మినుము చూసుకుంటూ, భట్టిప్రోలులో దిగాం. మీ అమ్మగారు గుమ్మంలోనే, "మా వాడి తప్పులు పట్టే బాబువి నువ్వేనా" అని నవ్వుతూ కాళ్లకు నీళ్లిచ్చారు. అరిసెలు ఎన్ని తిన్నానో ఆమె లెక్కపెట్టి మరీ తినిపించారు.

సాయంత్రం దిబ్బ దగ్గరికి వెళ్లాం. అలెగ్జాండర్ రే అనే దొర 1892లో ఆ స్తూపాన్ని తవ్వించినప్పుడు బుద్ధుడి ధాతువులుంచిన రాతి బరిణెలు దొరికాయని, వాటి అంచుల మీద చెక్కిన రాత దక్షిణదేశంలో దొరికిన అతి పాత రాతల్లో ఒకటని నేను చదువుకున్నాను. పుస్తకంలో చదివింది నీకు చెప్పాను. ఆ రాతలో ఒక విశేషముంది. అశోకుడి శాసనాల బ్రాహ్మిలో వట్టి గుర్తు రాస్తేనే "క" అని అకారంతో పలుకుతుంది. భట్టిప్రోలు రాతలో అలా కాదు. వట్టి గుర్తు అచ్చు లేని హల్లు మాత్రమే. దాని పక్కన ఒక గీత చేరిస్తేనే అకారం వస్తుంది. నేల మీద పుల్లతో గీసి చూపిస్తే, నువ్వు చాలాసేపు దాని వైపే చూసి, "అంటే వీళ్లు తలకట్టు విడిగా పెట్టుకున్నారన్నమాట. వీళ్ల కేసులో గళ్లు తక్కువ పడతాయిరా" అన్నావు. బడిలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా నీ మాటే ముందు చెప్పేవాణ్ణి. పిల్లలకు అది వెంటనే అర్థమయ్యేది.

తరువాత నాకు ప్రకాశం జిల్లాలో ఉద్యోగం వచ్చింది. బండి ఎక్కించడానికి వచ్చి, కిటికీలోంచి అక్షరాల మసి అంటిన నీ చేతిరుమాలు ఇచ్చి, కళ్లు తుడుచుకోమన్నావు. మొహమంతా నల్లబడింది. ఉత్తరాలు మొదలయ్యాయి. నువ్వు రాసే ఉత్తరంలో కొట్టివేత ఉండేది కాదు, లైన్లు రెండు వైపులా సమానంగా ఉండేవి. చేత్తో రాసేటప్పుడు కూడా మాట విరవకుండా, చివర ఖాళీ మిగలకుండా సర్దేవాడివి. మీ నాన్నగారు పోయినప్పుడు వచ్చిన ఉత్తరంలో మాత్రం లైన్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అది చూడగానే, చదవకముందే బయలుదేరాను.

*

నా పెళ్లి కుదిరేనాటికి ప్రెస్సులో చేతి కంపోజింగు చివరి దశలో ఉంది. కంప్యూటరు మీద అక్షరాలు కూర్చి, ఆఫ్‌సెట్‌లో వేయించుకునేవాళ్లు పెరిగారు. అక్షరాలను తూకానికి అమ్మేయబోతున్నారని తెలిసి, అందులోంచి నా శుభలేఖకు సరిపడా ముందే తీసి దాచానని రాశావు. శుభలేఖ అంతా నువ్వే కూర్చి, నువ్వే తొక్కి, పసుపు అంచులు కూడా నువ్వే అద్ది, కట్ట భుజాన వేసుకుని మా ఊరు తెచ్చావు. పెళ్లి కానుకగా ఈ రేకుడబ్బా నా చేతిలో పెట్టావు. శుభలేఖ నెత్తినున్న "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" లైను, విప్పకుండా దారంతో చుట్టి.

ఆ లైనులో "స్తు" మూడుసార్లు వస్తుంది. "సు" మూడు దొరికాయి గాని, దాని పక్కన పెట్టే త వత్తు మంచివి రెండే దొరికాయట. మూడోది దెబ్బ తిన్న ముక్కల డబ్బాలోంచి తీసిందని చెప్పావు. అదే డబ్బా, పున్నమి రాత్రి మనం ఏరిన డబ్బా. తోకలో చిన్న నొక్కు ఉంది. ఆ నొక్కు మా శుభలేఖలన్నిటి మీదా పడింది. చూసినవాళ్లు ఎవరూ గమనించలేదు. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ ఆ శుభలేఖ తీసి, ఆ నొక్కు మీద వేలు పెట్టి, "ఇది మీ ఇద్దరిదీ" అంటుంది.

అటుపైన కేసులు తూకానికి పోయాయి. ఆ రోజు అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశానని రాశావు. ఆ సంగతి అంతకు మించి నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. నువ్వు విజయవాడ వెళ్లి, నీకంటే పదేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని కీబోర్డు నేర్చుకుని, డీటీపీ చేస్తూ పిల్లలిద్దరినీ చదివించావు. మొదటి నెల రాసిన ఉత్తరంలో ఒక మాట ఉంది: "ఇక్కడ అక్షరాలు అయిపోవురా. ఎన్ని కావాలంటే అన్ని. చెయ్యి మాత్రం గడి కోసం వెతుకుతోంది."

మా అమ్మాయి పెళ్లి శుభలేఖ కంప్యూటరులోనే చేయించాం. ఇంటిల్లిపాదీ చదివి బాగుందన్నారు. నేనూ చదివాను. చివరగా నీకు పంపితే, కంటి ఆపరేషను అయిన రెండు వారాలకే భూతద్దం పెట్టుకుని చదివి, మార్జినులో పాత పద్ధతిలోనే గుర్తులు పెట్టి తిప్పి పంపావు. "ఆహ్వానించుచున్నాము"లో హకు వత్తు వకారం పోయి "ఆహానించుచున్నాము" అయింది. ఇరవై ఏళ్లకు పైగా తెలుగు చెప్పిన నా కంటికి కనిపించలేదు. గుర్తు పక్కన సన్నగా రాశావు: "లైను కదలదు, వత్తు పడుతుంది." ఆ ప్రూఫు కాగితం ఆ శుభలేఖతోపాటే దాచాను.

*

నిన్న కార్డు మీద ముద్ర వేశాక దీపం దగ్గర పెట్టి చూశాను. మూడో త వత్తు తోక ఈసారి పూర్తిగా పడలేదు. నొక్కు ఉన్న చోట ముక్క అరిగి విరిగినట్టుంది. మళ్లీ సిరా అద్ది ఇంకో కార్డు మీద వేశాను. అంతే. రెండు కార్డులూ ఉంచాను. పోస్టులో వేయడం లేదు, ఈసారి నేనే తెస్తున్నాను. దారం కూడా పాతబడింది కాబట్టి లైనును కదలకుండా గుడ్డలో చుట్టి డబ్బాతో సహా తెస్తాను. నీ దగ్గర ఇంకా రెండు మూడు ముక్కలు దాచి ఉంచావని మీ కోడలు ఒకసారి ఫోనులో అంది. అందులో త వత్తు ఉంటే వెతికి పెట్టు. లేకపోతే ఆ చోట ఏదో ఒకటి బోర్లా నిలబెడదాం.

రేపు పొద్దున రేపల్లె బండికి భట్టిప్రోలు వస్తాను. స్టేషనుకు రావద్దు, మోకాళ్లు నొప్పులు కదా. దిబ్బ దగ్గరికి సాయంత్రం నెమ్మదిగా నడుద్దాం. చెల్లెమ్మతో చెప్పు, రెండు అరటి దొప్పలు ఉంచమని.